పడే కాయిన్‌కి మూడు మెట్ల ఆర్డర్

క్రిప్టో కాయిన్ ధర పడుతున్నప్పుడు ఒకేసారి కొంటే, కొన్న గంటకే ఇంకా పడుతుంది. రోజంతా స్క్రీన్ చూస్తూ కూర్చోవడం మన వల్ల కాదు. అందుకే ధర మనం చెప్పిన చోటికి దిగితేనే కొనే లిమిట్ ఆర్డర్లు మూడు ముందే పెట్టేస్తాను.

ధర ఇప్పుడు 105 రూపాయలు అనుకోండి. 100 దగ్గర 20 కాయిన్లు, 90 దగ్గర 30, 80 దగ్గర 50. కిందికి వెళ్లేకొద్దీ ఎక్కువ కొనడమే ఇందులో కిటుకు. ఖర్చు 2,000, 2,700, 4,000, మొత్తం 8,700. దాన్ని 100 కాయిన్లతో భాగిస్తే సగటు ధర 87. మూడు ధరల్ని కలిపి మూడుతో భాగిస్తే 90 వస్తుంది, ఆ లెక్క తప్పు. ధర 90 తాకి వెనక్కి తిరిగితే మీ చేతికొచ్చేది 50 కాయిన్లే, సగటు 94. మిగిలిన 4,000 ఆర్డర్‌లోనే ఇరుక్కుని ఉంటుంది, అది రద్దు చేసుకోండి. ఫీజు వీటికి అదనం.

అసలే మునిగిపోతున్న కాయిన్‌కి మాత్రం ఇది పనికిరాదు. 60కి జారితే మూడూ నిండి, 31 శాతం నష్టంలో ఉంటారు. పైగా మన దేశంలో ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించి పన్ను కట్టడానికి వీల్లేదు. కాబట్టి 80 కింద నాలుగో ఆర్డర్ పెట్టను.