లాభం 14 లక్షలు, చేతిలో 4 లక్షలు: పరోక్ష పద్ధతిలో లెక్క కలపడం ఎలా?

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు నడిపేవాళ్లు మార్చి 31 లెక్కలు చూసుకుని తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "లాభం వచ్చిందంటున్నారు, మరి డబ్బేదయ్యా?" దానికి జవాబు చెప్పేది నగదు ప్రవాహ పట్టిక. పరోక్ష పద్ధతిలో దీన్ని నికర లాభం నుంచి మొదలుపెట్టి, వెనక్కి నడిచి, నగదు దగ్గరికి చేరుస్తాం. ఒక తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీని ఊహించుకుని చేసి చూద్దాం. అంకెలన్నీ లక్షల్లో.

నికర లాభం 14. ఇది పన్ను ఖర్చు 4 తీసేశాక మిగిలింది కాబట్టి ముందు ఆ 4 తిరిగి కలిపితే 18. నిజంగా కట్టిన పన్నును చివర్లో విడిగా తీసేస్తాం.

తర్వాత డబ్బుతో సంబంధం లేని పద్దులు. తరుగుదల 6 కలపాలి. తరుగుదల వల్ల డబ్బు వస్తుందని దీని అర్థం కాదు. యంత్రం కొన్న ఏడాదే డబ్బు వెళ్లిపోయింది. ఈ ఏడాది పుస్తకాల్లో ఖర్చు రాసి లాభం తగ్గించామే తప్ప చేతినుంచి రూపాయి పోలేదు, అందుకే తిరిగి కలుపుతున్నాం. వడ్డీ 5 కూడా ఇక్కడ కలిపి, కింద అప్పుల భాగంలో చూపిస్తాం. పాత బాయిలర్‌ను 3కి అమ్మారు, పుస్తకాల్లో దాని విలువ 2. ఆ 1 లాభాన్ని ఇక్కడ తీసేయాలి. ఎందుకంటే అమ్మగా వచ్చిన మొత్తం 3 పెట్టుబడుల భాగంలోకి వెళ్తుంది. ఇక్కడా ఉంచేస్తే అదే డబ్బును రెండుసార్లు లెక్కేసినట్టు. ఇప్పటికి 28 అయింది.

ఇక అసలు కథ. డబ్బు ఇరుక్కునేది చాలాసార్లు ఇక్కడే. రావాల్సిన బాకీలు 20 నుంచి 34కి పెరిగాయి. అమ్మకం రాసేశాం, లాభమూ చూపించాం, కానీ ఎగుమతిదారు ఇంకా ఇవ్వలేదు. 14 తీసేయాలి. అమ్ముడుపోకుండా డ్రమ్ముల్లో ఉన్న గుజ్జు, మిగతా స్టాకు కలిపి 30 నుంచి 52కి పెరిగింది. సీజన్‌లో కాయ కొన్న డబ్బంతా అందులోనే ఉంది, కాబట్టి మరో 22 పోయింది. గుర్తు తడబడితే ఒక్కటే అడగండి: ఈ మార్పు వల్ల నా దగ్గర డబ్బు ఆగిందా, వెళ్లిందా? మనం ఇవ్వాల్సిన బాకీలు పెరిగితే డబ్బు మన దగ్గర ఆగినట్టే, అవి కలపాలి.

ఇక్కడ కాస్త ఆగండి. ఇవ్వాల్సిన బాకీలు బ్యాలెన్స్ షీట్‌లో 15 నుంచి 24కి పెరిగాయి. చాలామంది 9 కలిపేస్తారు. లెడ్జర్ తెరిస్తే అందులో 4 కొత్త పల్పర్ యంత్రం తాలూకు బాకీ. రైతులకు, డ్రమ్ములు సరఫరా చేసినవాళ్లకు పెరిగిన బాకీ 5 మాత్రమే. వ్యాపార కార్యకలాపాల్లో ఆ 5 మాత్రమే కలపాలి.

ఇప్పుడు లెక్క: 28 నుంచి 14, 22 తీసి, 5 కలిపితే మైనస్ 3. కట్టిన పన్ను 3 తీస్తే మైనస్ 6. అంటే 14 లాభం చూపిన ఫ్యాక్టరీ నుంచి వ్యాపారంలోనే 6 బయటికి పోయింది.

మిగతాది త్వరగా అయిపోతుంది. యంత్రం ధర 16 అయినా చెల్లించింది 12, బాయిలర్ మీద వచ్చింది 3, కాబట్టి పెట్టుబడుల్లో మైనస్ 9. బ్యాంకు నుంచి అదనంగా తీసుకున్న అప్పు 17, కట్టిన వడ్డీ 5, కాబట్టి అప్పుల భాగంలో ప్లస్ 12. మొత్తం మైనస్ 3. ఏడాది మొదట్లో నగదు 7, చివర్లో 4. క్యాష్ బుక్, బ్యాంకు ఖాతాలతో కలిసింది.

అయితే కలిసింది కదా అని టెన్షన్ వదిలేయకండి. పైన 9 కలిపి, కింద యంత్రానికి 16 తీసినా మొత్తం మైనస్ 3యే వస్తుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. ముగింపు నగదు సరిపోయినా వ్యాపారంలో పోయింది 6 బదులు 2గా, యంత్రాలపై ఖర్చు 4 ఎక్కువగా కనిపిస్తుంది. అప్పు ఇవ్వాలా వద్దా అని చూసే బ్యాంకు మేనేజర్‌కు ముఖ్యమైన అంకే తప్పిందన్నమాట. ఈ తప్పును మొత్తాలు పట్టివ్వవు, లెడ్జర్ ఒక్కటే పట్టిస్తుంది. అందుకే యంత్రాలు సరఫరా చేసినవాళ్ల బాకీలకు ఏడాది మొదట్లోనే వేరే గ్రూపు పెట్టండి. ఆ 4 వచ్చే ఏడాది చెల్లించినప్పుడు అది వ్యాపార ఖర్చుల్లో కాదు, పెట్టుబడుల భాగంలోనే పడాలి.