వానల సెలవుల్లో ఆన్‌లైన్ డ్రిల్ పీరియడ్: పీఈటీలు ముందే చూసుకోవలసినవి

వానాకాలంలో "రేపు బడి లేదు, ఆన్‌లైన్ క్లాసులు" అన్న మెసేజ్ ఏ రాత్రైనా రావచ్చు. లెక్కల మాస్టారు బోర్డు పెట్టుకుని మొదలుపెట్టేస్తారు. మనం మాత్రం పిల్లలు ఎక్కడ నిలబడ్డారో చూడకుండా ఒక్క గుంజీ కూడా తీయించకూడదు.

అందుకే మొదటి పీరియడ్ మొత్తం చోటు చూడటానికే కేటాయించండి. చేతులు చాచి గుండ్రంగా తిరగమనండి, దేనికీ తగలకూడదు. చేతులు పైకెత్తితే ఫ్యాను ఎంత దూరంలో ఉందో చూడండి. ఇంట్లో స్కిప్పింగ్ తాడు వద్దే వద్దు. ఈ రోజుల్లో గచ్చు చెమ్మగా ఉంటుంది కాబట్టి తుడిచి, సాక్సులు తీసేసి, వట్టి కాళ్లతో చేయాలి. టైల్స్ మీద సాక్సులతో జారిపడటం రెప్పపాటులో జరిగిపోతుంది.

నా క్లాసులో ఒక ఏడో తరగతి అమ్మాయికి మంచానికీ బీరువాకీ మధ్య రెండడుగుల సందే ఉంది. చేతులు పక్కలకు చాచే చోటు లేదు. దూకేవీ పక్కలకు కదిలేవీ తీసేసి, గోడకు చేతులానించి దండాలు, కుర్చీలో కూర్చుని లేవడం ఇచ్చాను. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జరిగిపోతుంది, అందుకే దాని వీపు గోడకు ఆనాలి. మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగి, కుర్చీ తగలగానే లేవాలి. ఎనిమిది సార్లు, ఒక నిమిషం విశ్రాంతి, అలా మూడు విడతలు. రెండో విడతలో ఆమె మోకాళ్లు లోపలికి వాలడం మొదలైంది. కాళ్లు అలసిపోయాయనడానికి అదే గుర్తు. కుర్చీ బదులు ఇంకాస్త ఎత్తున్న మంచం అంచు మీద కూర్చుని లేవమంటే మోకాళ్లు సరిగ్గా నిలిచాయి.

ఇది నాకు కనిపించింది ఫోన్ సరైన చోట ఉండబట్టే. మోకాళ్లు చూడాలంటే ఫోన్ ఎదురుగా, నడుము చూడాలంటే పక్కన, నేల మీద పుస్తకాలకు ఆనించి పెట్టించండి. బొమ్మ ఆలస్యంగా వస్తుంది. మీరు "ఆగు" అనేలోపు పిల్లవాడు ఇంకో రెండు చేసేస్తాడు. అందుకే వేగం పోటీలు పెట్టొద్దు. నలభై మందిని ఒకేసారి చూడలేం. ఎనిమిది మంది చేస్తుంటే మిగతావాళ్లు లెక్కపెట్టాలి. వీడియో రానివాళ్లకు కూర్చుని చేసేవే ఇవ్వండి.

బరువు కావాలంటే అరలీటరు నీళ్ల సీసా చాలు, దాదాపు అరకిలో ఉంటుంది. మూత బిగించారో లేదో అడగండి, కారితే మళ్లీ నేల తడే.

ఉబ్బసం ఉన్న పిల్లలెవరో తల్లిదండ్రులను ముందే అడిగి రాసుకోండి. వాళ్ల ఇన్‌హేలర్ చేతికందేలా ఉండాలి, పిలిస్తే పలికే పెద్దవాళ్లు ఇంట్లో ఉండాలి. మధ్యమధ్యలో పేరు పెట్టి పిలిచి ఏదైనా అడగండి. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతే అక్కడే ఆపి కూర్చోబెట్టండి. పిల్లికూతలు, కళ్లు తిరగడం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం కనిపిస్తే క్లాసు ఆపి వెంటనే ఇంటివాళ్లకు ఫోన్ చేయండి. ఆ నంబర్ల కాగితం క్లాసు మొదలయ్యే ముందే మీ పక్కన ఉండాలి.