సాయిల్ టెస్ట్‌కు బోర్‌హోల్స్ ఎన్ని, ఎక్కడ, ఎంత లోతు? నిర్ణయించడం ఎలా

"సాయిల్ టెస్ట్‌కు మూడు బోర్లు, పది మీటర్లు, ఎంత తీసుకుంటారు?" బిల్డర్లు ఏజెన్సీకి ఫోన్ చేసి సాధారణంగా అడిగేది ఇదే. ఆ మూడు, ఆ పది ఎక్కడి నుంచి వచ్చాయంటే, పోయినసారి వేరే సైటులో వేసినవి. లోతు ఎంతో చెప్పేది ప్రధానంగా బిల్డింగ్. బోర్లు ఎంత దగ్గరగా ఉండాలో చెప్పేది నేల. ఈ రెండు లెక్కలు విడివిడిగా వేసుకుంటే మిగతా పని సులువు.

హైదరాబాద్‌లో 1,200 గజాల స్థలం అనుకుందాం. బిల్డింగ్ 28 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. ఒక సెల్లార్, స్టిల్ట్, పైన ఐదంతస్తులు.

1. ముందు చుట్టుపక్కల తిరగండి

మిషన్ రాకముందే సగం సమాచారం ఊరికే దొరుకుతుంది. పక్కింటివాళ్లను బోరుబావికి కేసింగ్ ఎన్ని అడుగులు దిగిందో అడగండి. ఇక్కడ కేసింగ్ సాధారణంగా గట్టి రాయి తగిలేదాకానే వేస్తారు కాబట్టి, రాయి ఎంత లోతులో ఉందో సుమారుగా తెలిసిపోతుంది. ఒక ఇంట్లో 20 అడుగులు, రెండిళ్ల అవతల 60 అడుగులు అన్నారంటే మీ స్థలంలోనూ రాయి ఎగుడుదిగుడుగా ఉందని అనుమానించాల్సిందే. తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు చూడండి. స్థలంలో కొంత భాగం ఒకప్పుడు చెరువు శిఖమో, పూడ్చేసిన క్వారీ గుంతో అయితే అక్కడ ఒక బోరు తప్పకుండా పడాలి.

2. లోతు లెక్క

స్ట్రక్చరల్ డిజైన్ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, ఉజ్జాయింపు చాలు. ఒక లోపలి కాలమ్ మీదికి ఒక్కో అంతస్తులో 20 చదరపు మీటర్ల స్లాబ్ వస్తుంది. గోడలు, మనుషులు, సామాను అన్నీ కలిపి చదరపు మీటరుకు 1.2 టన్నులు వేసుకుంటే, ఏడు స్లాబ్‌లకు సుమారు 170 టన్నులు. గట్టి మొరం చదరపు మీటరుకు 25 టన్నులు మోస్తుందనుకుంటే ఫుటింగ్ 2.6 మీటర్ల చదరం అవుతుంది.

ఫుటింగ్ కింద దాని వెడల్పుకు ఒకటిన్నర రెట్లు లోతుకు వెళ్లేసరికి ఒత్తిడి ఐదో వంతుకు పడిపోతుంది. పునాదుల కోసం నేలను పరీక్షించే పద్ధతిపై ఉన్న భారత ప్రమాణం, ఐఎస్ 1892 కోడ్, మామూలు నేలల్లో అడిగేదీ ఆ ఒకటిన్నర రెట్లే. అంటే 4 మీటర్లు. ఈ లోతును నేలమట్టం నుంచి కాకుండా పునాది అడుగు నుంచి కొలవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. సెల్లార్, ఫుటింగ్ కలిసి 5 మీటర్లు కిందికి పోతాయి కాబట్టి బోరు కనీసం 9 మీటర్లు ఉండాలి. కాలమ్స్ దగ్గరదగ్గరగా ఉండి పక్క ఫుటింగ్‌ల ఒత్తిడి కూడా కలుస్తుంది కనుక 12 మీటర్లకు ఆర్డర్ ఇద్దాం. ముందే రాయి తగిలితే అందులో 3 మీటర్లు కోర్ తీసి, అంటే రాయిని కడ్డీలా కోసి బయటికి తీసి, ఆపవచ్చు, కానీ మొత్తం లోతు 9కి తగ్గకూడదు.

ఇదే బిల్డింగ్‌ను, సెల్లార్ తీసేసి, భీమవరం వైపు డెల్టా నేలలో కడితే లెక్క మారుతుంది. అక్కడ ఫుటింగ్‌లన్నీ కలిసి బిల్డింగ్ మొత్తం కింద ఒకే కాంక్రీటు పలక, అంటే రాఫ్ట్ కావచ్చు. అప్పుడు తీసుకోవాల్సిన వెడల్పు 2.6 కాదు, 20 మీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లంటే 30 మీటర్లు. పది మీటర్ల దగ్గర ఆపితే ఏమవుతుందో చూడండి. ఆ లోతులో కూడా బిల్డింగ్ బరువు దాదాపు సగం తీవ్రతతో, చదరపు మీటరుకు 3.5 టన్నులుగా పడుతూనే ఉంటుంది. దాని కింద మెత్తని బంకమట్టి ఉంటే బిల్డింగ్ ఏళ్ల తరబడి దిగుతూ పోతుంది, రిపోర్టులో మాత్రం ఆ మట్టి ఊసే ఉండదు. అందుకే డెల్టాలో మెత్తటి పొర మధ్యలో బోరు ఆపనివ్వకండి.

3. ఎన్ని, ఎక్కడ

ఒక ఎకరం స్థలంలో నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి చాలని కోడ్ అంటుంది. మనది ఎకరంలో పావు. ఆ లెక్కన రెండు మూడు బోర్లతో కాగితం మీద పని అయిపోతుంది. కానీ హైదరాబాద్ గ్రానైట్ అంతటా సమంగా శిథిలం కాదు. పగుళ్ల వెంట మొరంగా మారి, మధ్యలో పెద్దపెద్ద గుండ్లు మిగిలిపోతాయి. పది మీటర్ల దూరంలోనే రాయి మట్టం మారిపోవచ్చు. కాబట్టి చిన్న స్థలమైనా ఐదు బోర్లు పెడదాం. అవసరమైతే వేసేందుకు ఆరోదానికీ ముందే రేటు రాయించుకుందాం.

నాలుగు మూలల్లో నాలుగు బోర్లు. ఆ మూలలు బిల్డింగ్‌వి, ప్లాటువి కావు. ఐదోది లిఫ్ట్ గుంత దగ్గర. అన్నీ ఒకేసారి వేయకండి. మొదట వాయవ్యం, ఆగ్నేయం, ఈశాన్యం మూలల్లో మూడు వేయండి. మూడూ ఒకే గీత మీద లేకపోతేనే రాయి ఎటు వాలుతుందో తెలుస్తుంది. ప్రతి బోరు నోటి మట్టాన్నీ ఒకే బెంచ్‌మార్క్ నుంచి కొలిపించండి. వాలు స్థలంలో ఇది మరిస్తే లోతుల్ని పోల్చడం వల్ల ప్రయోజనం లేదు.

4. ఫలితాన్ని చూసి ప్లాన్ మార్చండి

స్థలం చదునుగా ఉందనుకుందాం. వాయవ్యంలో 6, ఆగ్నేయంలో 6.5, ఈశాన్యంలో 10.5 మీటర్ల దగ్గర రాయి వచ్చింది. పునాది 5 మీటర్ల దగ్గర కాబట్టి, వాయవ్యం ఫుటింగ్ కింద మీటరు మొరమే ఉంది. ఈశాన్యం కింద ఐదున్నర మీటర్లు. ఒకే బరువుకు రెండూ ఒకేలా దిగవు. ఆరో బోరు ఎక్కడ వేయాలో ఇప్పుడు తెలిసిపోయింది: ఉత్తరపు గోడ మధ్యలో, రాయి ఎక్కడ వాలిందో పట్టుకోవడానికి.

ఇక నైరుతిలో నాలుగోది. గొట్టాన్ని సుత్తితో కొట్టి, దెబ్బలు లెక్కపెట్టి నేల గట్టిదనం చూసే పరీక్ష ఎస్‌పీటీ. సరిగ్గా 5 మీటర్ల దగ్గర ఆ గొట్టం సుత్తి దెబ్బలకు కదలలేదు. "రాయి వచ్చేసింది సార్, ఆపేద్దామా?" అని డ్రిల్లర్ అడుగుతాడు. ఆపొద్దు. కోర్ తీస్తే 1.2 మీటర్లు గట్టి రాయి, దాని కింద మళ్లీ మొరం. అసలు రాయి 9.4 దగ్గర వచ్చింది. పైన తగిలింది గుండు. 3 మీటర్ల కోర్ షరతు పెట్టింది ఇందుకే. చుట్టుపక్కల ఇంతకంటే పెద్ద గుండ్లు బయటికి కనిపిస్తుంటే ఆ షరతును 5 మీటర్లకు పెంచండి. కోర్ పెట్టెల్లో ముక్కల్ని లోతుల గుర్తులతో ఫొటో తీయించుకోండి.

లిఫ్ట్ దగ్గర బోరులో 7.5 మీటర్ల దగ్గర రాయి వచ్చింది. అందులో రంధ్రాల పైపు దించి ఉంచమనండి. నీటిమట్టాన్ని బోరు వేసిన రోజు కొలిచి వదిలేస్తే సరిపోదు. వానాకాలంలో మళ్లీ చూస్తేనే సెల్లార్ తవ్వేటప్పుడు ఎంత నీరు తోడాలో తెలుస్తుంది.

రిపోర్టు చేతికొచ్చాక పొరల పట్టికలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇలాంటి గ్రానైట్ సైటులో అన్ని బోర్లలోనూ పొరలు ఒకే లోతులో మారి, ఎస్‌పీటీ అంకెలు కూడా ఒకేలా ఉంటే, ఒక్క బోరే వేసి మిగతావి ఆఫీసులో కూర్చుని రాశారేమోనని అనుమానించాలి. అప్పుడు కోర్ పెట్టెలు తెప్పించి చూశాకే బిల్లు ఇవ్వండి.