మూడు చిన్న సంతోషాలు, నిన్నటికి అతకనివి

రాత్రి పడుకునే ముందు ఆ రోజు దొరికిన మూడు చిన్న సంతోషాలు నోటుపుస్తకంలో రాసుకోండి. ఐదు నిమిషాల పని.

మొదట్లో నేను "టీ బాగుంది, పిల్లలు బాగున్నారు" అని రాసేవాణ్ణి. పది రోజులకే విసుగొచ్చింది. ఆ మాటలు ఏ రోజుకైనా అతుకుతాయి మరి. ఇప్పుడు రాశాక ఒక్కటే చూసుకుంటాను: ఇదే వాక్యం నిన్న కూడా రాసుండేవాణ్ణా? అవునంటే కొట్టేసి మళ్లీ రాస్తాను.

అలా "టీ బాగుంది" అన్నది మొన్న ఇలా మారింది: "నెల్లూరు ట్రంకు రోడ్డులో టీకొట్టాయన అడక్కుండానే చక్కెర తగ్గించి ఇచ్చాడు. పోయిన వారం చెప్పిన మాట గుర్తుపెట్టుకున్నాడు."

ఆ రెండో వాక్యం, అంటే కారణం, వదిలెయ్యకండి. 2005లో మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం పరీక్షించిన పద్ధతిలోనూ మూడు మంచి విషయాలతోపాటు అవి ఎందుకు జరిగాయో రాయించారు. కారణం రాస్తుంటేనే దాని వెనకున్న మనిషి కనబడతాడు. మర్నాడు ఆ టీకొట్టాయనకి థాంక్స్ చెప్పాను.

రెండు వారాలయ్యేసరికి, "ఇది రాత్రికి రాసుకోవాలి" అని పగలే అనిపించడం మొదలైంది. చూపు పదునెక్కిందనడానికి నాకు అదే గుర్తు.

మనసు బాగా బరువుగా ఉన్న రోజు మూడూ బలవంతంగా వెతక్కండి. ఒకటి దొరికితే ఒకటే రాసి పుస్తకం మూసెయ్యండి.