హోటల్ ఎంగిలి పందులకు పోసే ముందు

అనంతపురంలో హోటళ్ల నుంచి డ్రమ్ముల్లో ఎంగిలి కూడు తెచ్చి పందులను సాకేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ డ్రమ్ములో జబ్బు పంది మాంసం ముక్క ఒక్కటున్నా ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ దొడ్డిలోకి రావొచ్చు. దీనికి మందు లేదు. అసలు ఎంగిలి మానేసి తవుడు, దాణా పెట్టడమే నా సలహా. తప్పదనుకుంటే ఇవి చూసుకోండి.

☐ డ్రమ్ము గేటు బయటే దించారా? పొయ్యి కూడా అక్కడే ఉండాలి.

☐ గంటసేపు ఉడికిందా? అంచున బుడగలు రాగానే దించేయకండి. అప్పటికి అడుగు మాడుతుంటుంది, నడుమ ముద్ద మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది. కట్టెతో అడుగుదాకా కలుపుతూ, మొత్తం తెర్లడం మొదలయ్యాకే గంట లెక్కపెట్టండి. వేడి 90 డిగ్రీలకు తగ్గకూడదు.

☐ ఉడికినదానికి వేరే బకెట్, వేరే గరిటె ఉన్నాయా? ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పచ్చి కూడు ముట్టిన గరిటెతోనే వడ్డిస్తే గంట కష్టం వృథా. పచ్చిదాని బకెట్‌కు ఎర్ర రంగు పూయండి.

☐ చేతులు కడిగి, దొడ్డి చెప్పులు వేసుకున్నారా?

☐ ఏ పందైనా మేత మానిందా? ఒళ్లు కాలుతూ చెవులు, పొట్ట ఎర్రగానో నీలంగానో మారితే కోయొద్దు, అమ్మొద్దు. వెంటనే పశువుల డాక్టర్‌కు ఫోన్ చేయండి.