భాష రాని వాళ్లకి పెసరట్టు నేర్పాలంటే
విశాఖలో మా హోటల్‌కి వచ్చిన జపాన్ పెద్దావిడ పెసరట్టు తిని నేరుగా వంటగదిలోకే వచ్చేశారు. ఆవిడకి తెలుగు రాదు, నాకు జపనీస్ రాదు. టీ గ్లాసుతో రెండు గ్లాసుల పెసలు కొలిచి, గుప్పెడు బియ్యం వేసి చూపించాను. గోడ గడియారం మీద వేలితో ఐదు గంటలు లెక్కపెడితే నానబెట్టడం అర్థమైంది. పిండి ఎంత జారుగా ఉండాలో మాత్రం సైగలతో చెప్పలేకపోయాను. ఇలాంటప్పుడు గరిటె వాళ్ల చేతికే ఇచ్చేయండి. ఆవిడ వేసిన మొదటి అట్టు పెనానికి అంటుకుపోయింది. పెనం మీద నీళ్లు చిలకరించి, ఉల్లిపాయ చెక్కతో రుద్దించాను. రెండోది అంచులు ఎర్రగా కాలి, తనంతట తానే పైకి లేచింది. కొలతకి ఆ గ్లాసు కూడా ఆవిడకే ఇచ్చి పంపాను.