పొలంలో కర్బనం లెక్క – 4వ పాఠం: లోతు ఒకటే, మట్టి ఒకటి కాదు

గత మూడు పాఠాల్లో కోర్ గొట్టంతో మట్టి తీయడం, బల్క్ డెన్సిటీ కట్టడం, కర్బన శాతాన్ని హెక్టారుకు టన్నుల్లోకి మార్చడం చూశాం. మొదటి ఏడాది లెక్కకు అవి సరిపోతాయి. దున్నడం మానేసిన కొన్నేళ్లకు అదే పొలంలో మళ్లీ మట్టి తీసి, రెండు లెక్కల్ని పక్కపక్కన పెట్టినప్పుడే తేడా వస్తుంది. ఆ తేడా ఎలా దిద్దాలో ఈ పాఠం.

తెలంగాణ ఎర్ర చల్కా నేలనే తీసుకుందాం. ఏటా నాగలో, కల్టివేటరో, రోటవేటరో తిరిగినన్నాళ్లూ పైమట్టి గుల్లగా ఉంటుంది. దున్నడం ఆపితే చల్కా నేల వానకు అణిగి, ఎండకు గట్టిపడుతుంది. వానపాములు, వేర్ల దారులు కొన్నేళ్లకు ఈ బిగువును కొంత సడలించవచ్చు. కానీ పైన కప్పడానికి చెత్త, మోళ్లు తగినంత లేని మెట్ట పొలాల్లో తొలి ఏళ్లలో బల్క్ డెన్సిటీ పెరగడమే ఎక్కువగా కనిపిస్తుంది.

పెరిగితే ఏమవుతుంది? సోలలో గింజలు పోసి కుదిపితే అదే సోలలో ఇంకాసిని గింజలు పడతాయి కదా, ఇక్కడా అంతే. 30 సెంటీమీటర్ల లోతు అని మనం గీసుకున్న గీత కదలదు. మట్టి అణిగింది కాబట్టి, ముందు ఆ గీతకు కింద ఉన్న మట్టి కొంత ఇప్పుడు గీత పైకి లెక్కలోకి వచ్చి చేరింది. దానిలోని కర్బనమూ వచ్చింది. పొలంలో ఒక్క గ్రాము కర్బనం పెరగకపోయినా కాగితం మీద పెరుగుతుంది.

కెనడాకు చెందిన ఎలర్ట్, బెటనీ అనే నేల శాస్త్రజ్ఞులు 1995లో దీనికి విరుగుడు స్పష్టంగా రాసిపెట్టారు. రెండుసార్లూ ఒకే లోతు కాకుండా, హెక్టారుకు ఒకే బరువున్న మట్టిలో ఎంత కర్బనం ఉందో పోల్చమన్నారు. దీన్నే సమాన మట్టి బరువు పద్ధతి అంటారు, ఇంగ్లీషులో ఈక్వివలెంట్ సాయిల్ మాస్, పొట్టిగా ESM.

ఇక లెక్కలోకి దిగుదాం. కింది అంకెలు అభ్యాసం కోసం నేను వేసుకున్నవి, ఏ పరిశోధనా క్షేత్రానివీ కావు. చల్కా నేలలో మొక్కజొన్న, కంది వేసే పొలంలో కనిపించే స్థాయిలోనే ఉంటాయి.

దున్నే రోజుల్లో తీసిన మట్టిలో బల్క్ డెన్సిటీ 0–10 పొరలో 1.35, 10–20లో 1.45, 20–30లో 1.55. కర్బన శాతం వరసగా 0.55, 0.50, 0.40. పది సెంటీమీటర్ల పొరకు బల్క్ డెన్సిటీని 1000తో గుణిస్తే హెక్టారుకు టన్నుల మట్టి వస్తుంది. కాబట్టి మూడు పొరల బరువులు 1350, 1450, 1550, మొత్తం 4350 టన్నులు. వాటిలో కర్బనం 7.43, 7.25, 6.20, మొత్తం 20.88 టన్నులు.

దున్నడం ఆపి అయిదేళ్లయ్యాక అవే పొరల బల్క్ డెన్సిటీ 1.50, 1.58, 1.57. కర్బన శాతం 0.64, 0.46, 0.38. మట్టి 1500, 1580, 1570, మొత్తం 4650 టన్నులు. కర్బనం 9.60, 7.27, 5.97, మొత్తం 22.83 టన్నులు (పొరల అంకెల్ని ఇక్కడ గుండ్రం చేశాను, మొత్తాలు అసలు అంకెలతో కట్టినవి).

30 సెంటీమీటర్ల లెక్క ప్రకారం హెక్టారుకు 1.96 టన్నుల కర్బనం పెరిగింది. ఇక్కడితో ఆపి నివేదిక రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు బరువులు చూడండి. మొదటిసారి తూచింది 4350 టన్నుల మట్టి, రెండోసారి 4650. అంటే 300 టన్నులు అదనం. ఆ అదనం వచ్చి చేరింది అడుగున, అంటే 20–30 పొర కింది భాగంలో. కాబట్టి తీసేయాల్సింది అక్కడి నుంచే. ఆ పొర కర్బన శాతం 0.38. 300 టన్నుల్లో 0.38 శాతం అంటే 1.14 టన్నులు. 22.83లోంచి అది తీసేస్తే 21.69 మిగులుతుంది. నిజమైన పెరుగుదల 0.82 టన్నులు. లోతు లెక్క చూపించిన దాంట్లో సగానికి పైగా మట్టి అణగడం వల్ల వచ్చిందే. కార్బన్ క్రెడిట్ల భాషలో, అంటే కర్బనాన్ని 3.67తో గుణించి చెబితే, 7.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కాస్తా 3.0 టన్నులకు దిగింది.

మరోలా చూస్తే, దున్నడం ఆపిన పొలంలో 4350 టన్నుల మట్టి 28.1 సెంటీమీటర్ల దగ్గరే పూర్తవుతుంది. మిగతా 1.9 సెంటీమీటర్లు పోలికలోకి రాకూడని మట్టి.

స్ప్రెడ్‌షీట్‌లో చేస్తే B నిలువు వరసలో పొర బరువు, C వరసలో కర్బన శాతం, D వరసలో కర్బనం టన్నులు పెట్టండి. 2, 3, 4 అడ్డ వరసలు మూడు పొరలకు. పై రెండు పొరల్ని పూర్తిగా తీసుకుని, 4350కి తక్కువైనంత మట్టిని మూడో పొర నుంచి తీసుకోవాలి.

```
D2:  =B2*C2/100
D3:  =B3*C3/100
ESM: =SUM(D2:D3)+(4350-SUM(B2:B3))*C4/100
```

మా విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అదనపు మట్టిని మొత్తం సగటు కర్బన శాతంతో తీసేస్తారు. లేదా ప్రతి పొరనూ విడివిడిగా పాత బల్క్ డెన్సిటీతో గుణించి అదే దిద్దుబాటు అనుకుంటారు. రెండోది చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ పప్పులో కాలేసినట్టే. కొత్త కర్బన శాతం కొత్తగా అణిగిన పొరది. ఆ పొరలో ఉన్న మట్టి కణాలు పాత 10–20 పొరలోవి మాత్రమే కావు. అందుకే పై నుంచి బరువు కూడుకుంటూ రావాలి, మధ్యలో తుంచకూడదు.

అలా కూడుకుంటూ వస్తే ఇంకో విషయం బయటపడుతుంది. పై 1350 టన్నుల మట్టిలో కొత్త కర్బనం 8.64, పాతది 7.43. అంటే 1.2 టన్నులు పెరిగింది. ఆ కిందున్న 1450 టన్నుల్లో 0.31, అడుగు 1550 టన్నుల్లో 0.09 తగ్గింది. నాగలి మానేస్తే చెత్త కిందికి కలవదు కాబట్టి కర్బనం పైనే పోగుపడుతుంది, కింద కాస్త పలచబడుతుంది. పై పది సెంటీమీటర్లే తీసి గొప్ప ఫలితం చూపించే నివేదికల్ని నేను నమ్మను. 30 తప్పనిసరి, 40 తీస్తే మంచిది.

40 ఎందుకంటే, అన్ని పొలాలూ అణగవు. దండిగా చెత్త కప్పిన పొలం గుల్లబారితే, 30 సెంటీమీటర్లలో 4350 టన్నుల మట్టి దొరకదు. తక్కువైన మట్టి 30–40 పొర నుంచి రావాలి. ఆ పొర తీయకపోతే కింది కర్బన శాతాన్ని ఊహించుకోవాల్సి వస్తుంది. పాత నమూనాలకు ఆ పొర లేకపోతే దారి ఒకటే, రెండు లెక్కల్లో తేలికైన బరువును ప్రమాణంగా పెట్టుకోవడం.

ఇంకో మెలిక ఉంది. ఒక పొర లోపల కర్బనం అంతటా ఒకేలా ఉండదు, కిందికి పోయే కొద్దీ తగ్గుతుంది. 20–30 పొర సగటు 0.38 అయితే, దాని అడుగు రెండు సెంటీమీటర్లలో 0.33 ఉండొచ్చు. అప్పుడు తీసేయాల్సింది 1.14 కాదు, 0.99. మన సూటి లెక్క కొంచెం ఎక్కువ కోసేసింది. కూడిన బరువు, కూడిన కర్బనం బిందువుల మీదుగా స్ప్లైన్ వంపు గీస్తే ఇది చాలావరకు సర్దుకుంటుంది. వచ్చే పాఠం దాని మీదే.

నిజానికి ఈ పద్ధతికి బల్క్ డెన్సిటీ అవసరమే లేదు. లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లున్న గొట్టం అడ్డకోత వైశాల్యం 19.63 చదరపు సెంటీమీటర్లు. ఒక పొర మట్టిని 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తే 294.5 గ్రాములు వచ్చిందనుకోండి. వైశాల్యంతో భాగిస్తే 15.0, దాన్ని 100తో గుణిస్తే హెక్టారుకు 1500 టన్నులు. గొట్టంలో మట్టి కాస్త అణిగి పొడవు తగ్గినా మొత్తం బరువు చెడదు. ఎండిన పైమట్టి గొట్టం అంచున రాలిపోతే మాత్రం ఏ లెక్కా కాపాడదు. అందుకే చల్కాలో నేల కొంచెం పదునుగా ఉన్నప్పుడే గొట్టం దించండి.

చల్కాలో అసలు చిక్కు గులకరాళ్లది. ల్యాబ్‌లో కర్బనం చూసేది 2 మిల్లీమీటర్ల జల్లెడ దిగిన మట్టిలో. బరువులో రాళ్లూ ఉంటే లెక్క ఉబ్బుతుంది. ఆ 294.5 గ్రాముల్లో 30 గ్రాములు రాళ్లయితే మట్టి 264.5 గ్రాములే, అంటే హెక్టారుకు 1350 టన్నులకు దగ్గర. అణిగిందనుకున్న పొర అసలు అణగలేదన్నమాట! జల్లెడ మీద మిగిలిన రాళ్లను పారేయకుండా తూచి రాసుకోండి.

నల్లరేగడిలో పద్ధతి ఇదే అయినా ఒక హద్దు ఉంది. ఆ నేల తడికి ఉబ్బి, ఎండకు పగుళ్లు తీస్తుంది. వేసవిలో పగుళ్ల మధ్య బిగిసిన గడ్డలో గొట్టం దించితే చదరపు సెంటీమీటరుకు పడే మట్టి ఎక్కువ, పగులు ఖాళీ లెక్కలోకి రాదు. రెండుసార్లూ తేమ దాదాపు ఒకేలా ఉన్నప్పుడే నమూనా తీయాలి. కోతపడి మట్టి కొట్టుకుపోయిన వాలు పొలాల్లోనూ జాగ్రత్త. అక్కడ 4350 టన్నులు పూర్తి చేయడానికి లోపలికి దిగితే, అది పాత మట్టే కాదు.

0.82ను కూడా గీత గీసినట్టు నమ్మొద్దు. పై పొర కర్బన శాతంలో 0.02 పొరపాటు పడితేనే 0.3 టన్నుల తేడా. ప్లాట్లు నాలుగైనా ఉండాలి, ఒక్కో ప్లాట్‌కు విడిగా ఈ లెక్క కట్టాకే సగటు తీయాలి. ముందే సగటు తీసి ఒకసారి దిద్దితే ప్లాట్ల మధ్య తేడా కనపడకుండా పోతుంది.

వచ్చే పాఠం లోపు ఇది చేసి చూడండి. పక్క పొలంలో చెత్త కప్పి దున్నడం మానేశారు. మట్టి 1250, 1420, 1540, 30–40 పొరలో 1600 టన్నులు. కర్బన శాతం 0.70, 0.50, 0.40, 0.30. దున్నిన రోజుల లెక్క పైదే, ప్రమాణం 4350 టన్నులు. 30 సెంటీమీటర్ల లెక్కలో పెరుగుదల 1.13 వస్తే సరే. సమాన బరువు లెక్కలో మొత్తం 22.43, పెరుగుదల 1.55 రావాలి. 22.01 వచ్చిందంటే నాలుగో పొర కలపడం మరిచారు.